చెరువుల మీద తిరిగే టెక్నీషియన్ సాయంత్రం మేనేజర్‌కు పంపే సందేశం: ఎలా రాయాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కొత్తగా తిరుగుతున్న కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది జబ్బుల గురించి కాదు. "రోజూ సాయంత్రం రిపోర్టు పెడుతూనే ఉన్నానండి. అయినా మేనేజర్ గారు రాత్రి ఫోన్ చేసి అన్నీ మొదటి నుంచి అడుగుతారు. ఏం రాస్తే అడగరు?" అని అడుగుతారు. మేత కంపెనీ టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లు ఆ సందేశాలు రాశాను. ఇప్పుడు నాలుగేళ్లుగా ఎనిమిది మంది రాసినవి చదువుతున్నాను. రాసినన్నాళ్లూ నాకు అర్థం కానిది, చదవడం మొదలుపెట్టిన వారంలోనే అర్థమైంది.

మీరు ఎంత ఎండలో తిరిగారో తెలుసుకోవడానికి మేనేజర్ ఆ సందేశం తెరవరు. ఈ రాత్రి తాను ఎవరికైనా ఫోన్ చేయాలా, రేపు ఏ చెరువుకు ఎవరు వెళ్లాలి అన్నవే ఆయనకు కావాలి. ఈ రెండూ తేలకపోతే, మీరు ఎన్ని పంక్తులు రాసినా ఫోన్ మోగుతుంది.

కావలసినవి

చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి, పెన్సిల్ ఒకటి. పెన్ను వద్దు. తడి చేత్తో పట్టుకున్న కాగితం మీద పెన్ను సరిగా రాయదు, రాసినది కూడా అలుక్కుపోతుంది.

చెరువుల గుర్తుల జాబితా. ఉండి-3, కాళ్ల-2, ఆకివీడు-1 అని ఊరి పేరూ అంకే పెట్టుకుని, ఆ జాబితా మీ మేనేజర్ దగ్గర కూడా ఉండేలా చూసుకోండి. "రాజు గారి పెద్ద చెరువు" అని రాస్తే మా వైపు ఎన్ని చెరువులకు సరిపోతుందో మీకు తెలియనిది కాదు. రైతుల పేర్లు గ్రూపుల్లో తిరగకుండా ఉండటం కూడా మంచిదే.

నిన్న మీరు పంపిన సందేశం. దీని పని రెండో మెట్టులో వస్తుంది.

పది పన్నెండు నిమిషాలు, సిగ్నల్ ఉన్న చోట, కూర్చుని. బండి మీద ఒక కాలు నేలకు ఆనించి రాసిన సందేశాన్ని నేను చూడగానే గుర్తుపడతాను. సమయం సాయంత్రం ఆరు, మరీ ఆలస్యమైతే ఆరున్నర. డీలర్లు, మోటార్లు బాగుచేసే షాపుల వాళ్లు అప్పటికి ఇంకా కొట్టు కట్టి ఉండరు. తొమ్మిదింటికి పంపిన సందేశంలో ఎంత చక్కటి అభ్యర్థన ఉన్నా, దాన్ని తీర్చగల మనిషి అప్పటికి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

1. అంకెలు గట్టు మీదే రాసుకోండి, పక్కన గంట కూడా

సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసే అంకెలు నమ్మదగినవి కావు. ఐదు చెరువులు తిరిగాక పీహెచ్ 8.1 ఏ చెరువుదో, 8.4 ఏ చెరువుదో ఎవరికీ గుర్తుండదు. చూసిన వెంటనే పుస్తకంలో చెరువు గుర్తు, గంట, అంకె రాసుకోండి.

గంట ఎందుకో చెబుతాను. "ఉండి-3 డీఓ 7" అని రాశారనుకోండి. డీఓ అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. మధ్యాహ్నం మూడింటికి చూసిన 7కు పెద్ద అర్థం లేదు. పగటి ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది కాబట్టి ఆ వేళ అంకె ఎక్కువగానే ఉంటుంది. రాత్రంతా అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లవారే ముందు. అదే చెరువులో ఉదయం ఐదున్నరకు 3.2 ఉండవచ్చు. పీహెచ్ కూడా ఉదయం తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా ఉంటుంది. గంట రాయని డీఓ అంకె మేనేజర్‌కు ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యం తప్పుడుది కావచ్చు. నా కింద పనిచేసే వాళ్లు గంట రాయకపోతే ఆ అంకెను నేను లెక్కలోకే తీసుకోను.

2. నిన్నటి సందేశం తెరిచి, "రేపు" అన్న భాగం చదవండి

నిన్న "రేపు చేస్తాను" అని రాసిన ప్రతిదీ ఈరోజు సందేశంలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. అది జరిగిన పనుల్లోనో, జరగని వాటిలోనో, అడ్డంకుల్లోనో ఉంటుంది. మాయమవకూడదు. పాలకోడేరు-4కు వెళతానని నిన్న రాసి, ఈరోజు దాని ఊసే ఎత్తకపోతే, మేనేజర్ అక్కడికి మీరు వెళ్లారనే అనుకుంటారు. వెళ్లకపోవడం తప్పు కాదు. ఉండిలో ఆలస్యమైందని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

కొందరికి ఇది సిగ్గుగా ఉంటుంది. వెళ్లని చెరువు పేరు రాస్తే పని తక్కువ చేసినట్టు కనిపిస్తుందని భయం. చదివేవాడిగా చెబుతున్నాను, నన్ను ఇబ్బంది పెట్టేది వెళ్లని చెరువు కాదు, వెళ్లారో లేదో తెలియని చెరువు.

3. జరిగిన పని: తిరిగిన సంగతి కాదు, తేలిన సంగతి

"కాళ్ల-2 చూశాను" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. చూస్తే ఏం తేలింది? కింది వాక్యం చూడండి.

> కాళ్ల-2 (52వ రోజు): 4 చోట్ల వల విసిరి 120 రొయ్యలు తూచాం, 1,200 గ్రాములు. సగటు 10 గ్రాములు, 100 కౌంటు. పోయిన మంగళవారం 8.6 గ్రాములు.

52వ రోజు అంటే చెరువులో పిల్ల వదిలినప్పటి నుంచి లెక్క. ఇందులో రాసినతను "ఎదుగుదల బాగుంది" అనలేదు. అక్కర్లేదు. వారంలో 1.4 గ్రాములు పెరిగిందని మేనేజర్ తానే లెక్క కడతారు. ఎన్ని రొయ్యలు తూచారో, ఎన్ని చోట్ల వల విసిరారో రాయడం వల్ల ఆ సగటును ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పక్కన ఒక్కచోటే వల వేసి ఇరవై రొయ్యలు తూచి ఇచ్చిన 10 గ్రాములూ, ఈ 10 గ్రాములూ ఒకటి కావు.

గ్రాముల్లో రాస్తారా, కౌంటులో రాస్తారా అన్నది మీ ఇష్టం. కానీ ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకొకటి రాయకండి. కిలోకు ఎన్ని తూగుతాయన్నది కౌంటు కాబట్టి 1000ని సగటు గ్రాములతో భాగిస్తే వచ్చేస్తుంది. రెండూ పక్కపక్కన రాస్తే ఇంకా మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కళ్లతో చూసినదాన్ని, మీరు ఊహించినదాన్ని ఒకే వాక్యంలో కలపకండి. "ఆకివీడు-1లో రొయ్య మేత తినడం లేదు, జబ్బు వచ్చింది" అని ఒకసారి మా కుర్రాడు రాశాడు. నేను రాత్రికి రాత్రి ల్యాబ్ వాళ్లకు చెప్పి, రైతును కంగారుపెట్టి, తెల్లవారి వెళ్లి చూస్తే ఏముంది? అమావాస్య దగ్గరపడింది, రొయ్య పొర విడుస్తోంది. ఆ రోజుల్లో మేత తగ్గడం మామూలే. అతను చూసింది నిజం, అనుకున్నది తప్పు. విడివిడిగా రాసి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది. ఇలా రాయండి:

> ఆకివీడు-1 (38వ రోజు): మధ్యాహ్నం మేత వేసిన 2 గంటలకు 4 ట్రేలలో 2టిలో మేత మిగిలింది. పేగు నిండుగానే ఉంది. పొర విడుస్తున్నాయేమోనని నా అనుమానం.

4. అడ్డంకి: ఎవరి చేయి కావాలో చెప్పండి

అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ముందు అడ్డంకి అంటే ఏమిటో తేల్చుకోండి. ఇంకొకరు చేయి వేస్తే తప్ప కదలని పని అడ్డంకి. సమయం గడిస్తే దానంతట అదే తేలేది అడ్డంకి కాదు, ఎదురుచూపు. విబ్రియో లెక్క కోసం ఈరోజు పదకొండింటికి ల్యాబ్‌లో నీళ్లు ఇచ్చారనుకోండి. ప్లేటు మీద సూక్ష్మజీవులు పెరిగి లెక్కకు రావాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. మేనేజర్ ఫోన్ చేసినా అవి త్వరగా పెరగవు. దాన్ని అడ్డంకిలో పెడితే ఆయన ల్యాబ్‌కు ఫోన్ చేస్తారు, వాళ్లు విసుక్కుంటారు, మీకు వచ్చేది ఏమీ ఉండదు. "ఫలితం రేపు మధ్యాహ్నం" అని రేపటి పనుల్లో పెట్టండి.

అసలైన అడ్డంకిని మూడు దశల్లో చూద్దాం. విషయం ఒక్కటే, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోవడం. మొదటి రోజుల్లో అందరూ రాసేది ఇలా ఉంటుంది:

> ఉండి-3లో కొంచెం ఏరేటర్ సమస్య ఉంది. రైతుతో మాట్లాడాను.

"కొంచెం" అన్న మాట ఈ వాక్యాన్ని పాడుచేసింది. మర్యాదకు వాడే మాట అది. మనకు అలవాటు, ఇంటికి నిప్పంటుకున్నా "కొంచెం నీళ్లు ఇస్తారా అండి" అనే రకం. సందేశంలో మాత్రం అది సమస్యను చిన్నది చేసి చూపిస్తుంది. కాస్త నేర్చుకున్నవాళ్లు ఇలా రాస్తారు:

> ఉండి-3లో 4 ఏరేటర్లలో 2 పనిచేయడం లేదు. మోటార్లు కాలిపోయాయి. రివైండింగ్‌కు ఇచ్చారు.

ఇది మేలు. సంగతి తెలుస్తుంది. కానీ చదివిన మేనేజర్ "సరే, బాగుచేయిస్తున్నారన్నమాట" అని పక్కన పెట్టేస్తారు. ఆయన చేయవలసింది ఏదో ఉందని ఇందులో ఎక్కడా లేదు. ఇప్పుడు మూడోది:

> ఉండి-3: 4 ఏరేటర్లలో 2 నిన్న సాయంత్రం నుంచి ఆగాయి, మోటార్లు కాలాయి. ఈ ఉదయం 5:30కి డీఓ 3.2 (6 గంటలకు మీకు ఫోన్‌లో చెప్పాను). షాపు వాళ్లు గురువారం ఇస్తామన్నారు. పక్క చెరువుల వాళ్లను రైతు అడిగారు, ఖాళీవి లేవు. డీలర్ దగ్గర 2 ఉన్నాయి. సాయంత్రం 4కు నేను అడిగితే, మీరు చెబితే ఇస్తామన్నారు.
> మీ నుంచి కావలసింది: రాత్రి 8 లోపు డీలర్‌కు ఒక ఫోన్, గురువారం వరకు ఆ 2 ఇవ్వమని.
> కుదరకపోతే: ఈ రాత్రి మేత ఆపిస్తాను. ఆక్సిజన్ గుళికలు గట్టు మీద ఉంచారు. రేపు 4:30కే నేను అక్కడ ఉంటాను.

ఏం మారింది? ఏది ఆగిందో, ఎప్పటి నుంచో ఉంది. మీరు, రైతు ఇప్పటికే ఏం ప్రయత్నించారో ఉంది, కాబట్టి మేనేజర్ "పక్కవాళ్లను అడిగారా?" అని ఫోన్ చేయనక్కర్లేదు. ఎవరు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఉంది. అది కూడా ఆయన నిలబడిన చోటే చేయగలిగే పని, ఒక ఫోన్. ఆయన చేయలేకపోతే చెరువు గాలికి పోదని తెలిసే వాక్యం చివర ఉంది.

ఆ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి. "కుదరకపోతే" అని రాయడం మొదలుపెట్టాక మీకే ఒక సంగతి తెలుస్తుంది. అడ్డంకులని మనం రాసేవాటిలో కొన్నిటికి మన చేతిలోనే ఉపాయం ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని అడ్డంకిలోంచి తీసి రేపటి పనిలో పెట్టేయండి.

బ్రాకెట్లో ఉన్న ఫోన్ సంగతి కూడా గమనించండి. తెల్లవారే వేళ డీఓ 4 కంటే తగ్గినా, రొయ్య నీటి పైకి తేలుతున్నా, చచ్చిన రొయ్య ట్రేలో కనిపించినా సాయంత్రం సందేశం కోసం ఆగకూడదు. అప్పటికప్పుడు ఫోన్ చేయాలి. సాయంత్రం రాసేది ఆ ఫోన్ తర్వాత ఏం మారిందన్నది మాత్రమే.

అడ్డంకి కాకపోయినా కొన్ని రోజుల్లో అడ్డంకి అయ్యేవి ఉంటాయి. వాటికి గడువు లెక్క కట్టి ఒక పంక్తి రాయండి. కాళ్ల-2కు 40 బస్తాలు అడిగితే 25 వచ్చాయి. పాత నిల్వ లేదు. రోజుకు 5 బస్తాలు పోతున్నాయి. బుధవారం నుంచి లెక్కేస్తే ఆదివారం రాత్రికి ఖాళీ. "15 బస్తాలు తక్కువ వచ్చాయి" అని రాస్తే ఫిర్యాదులా ఉంటుంది. "ఆదివారం రాత్రికి అయిపోతాయి, మిగతా 15 శనివారానికి చేరాలి" అని రాస్తే మేనేజర్ తన పనుల్లో దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది.

5. రైతు మాటను సరిగ్గా రాయండి

దీనికి విడిగా ఒక మెట్టు ఎందుకని అడగవచ్చు. ఇది నేను సొంతంగా దెబ్బ తిని నేర్చుకున్నది.

చేరిన రెండో ఏడు, ఒక చెరువులో ట్రేలలో మేత మిగులుతుంటే పావు వంతు తగ్గించమని రైతుకు చెప్పాను. ఆయన తలపాగా సర్దుకుని, టీ తెప్పించి, "చూద్దాం లెండి" అన్నారు. నేను సాయంత్రం "మేత తగ్గించారు" అని రాశాను. ఆ మాట చదివిన మా మేనేజర్ నన్ను మూడు రోజులు వేరే చెరువుల మీదకు పంపారు. నాలుగో రోజు వెళ్లేసరికి మేత ఒక్క గుప్పెడు కూడా తగ్గలేదు. ట్రే పైకి తీస్తే నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. రైతు అబద్ధం చెప్పలేదు. చేయనని ముఖం మీద అనడం ఇష్టంలేక "చూద్దాం" అన్నారు. ఆ మాటను "సరే" అని మార్చి రాసింది నేను.

గోదావరి జిల్లాల్లో మర్యాద కొద్దీ అనే మాటలు చాలా ఉన్నాయి. "చూద్దాం లెండి", "అలాగే చేద్దాం", "మీరు చెప్పాక కాదంటామా". వీటిలో ఏదీ ఒప్పుకున్నట్టు కాదు. "రేపు" అన్నా సరే, ఉదయమా సాయంత్రమా అని అడిగితే గాని అది సమయం కాదు. సందేశంలో రైతు అన్న మాటనే రాయండి, మీ అర్థాన్ని దాని మీద పూయకండి. "తగ్గించమని చెప్పాను, చూద్దామన్నారు. రేపు 2 గంటలకు ట్రే చూసి నిర్ధారిస్తాను." ఇలా రాస్తే ఎవరికీ మాట రాదు.

6. రేపటి పని: గంట, చెరువు, చూడవలసింది

"రేపు ఫాలో అప్ చేస్తాను" అన్న వాక్యాన్ని మీ ఫోన్‌లోంచే చెరిపేయండి. గంట, చెరువు, అక్కడ ఏం చూస్తారు, ఈ మూడూ ఉంటే చాలు. నాలుగైదు పంక్తులు మించనివ్వకండి. ఏడు చెరువులు రాసి నాలుగు తిరిగే మనిషి కన్నా, నాలుగు రాసి నాలుగూ తిరిగే మనిషి రాతను మేనేజర్ త్వరగా నమ్ముతారు.

7. అన్నిటికీ పైన ఒక పంక్తి, తర్వాత పంపడం

ఇది చివర రాసి మొదట పెట్టేది. ఫోన్ తాళం వేసి ఉన్నా వాట్సాప్ కబురులో మొదటి ఒకటి రెండు పంక్తులు పైన కనిపిస్తాయి. ఆ చోటును "గుడ్ ఈవెనింగ్ సార్" అని ఖర్చుపెట్టకండి. మీ మేనేజర్ నుంచి ఈ రాత్రి ఏమైనా కావాలా, వద్దా? అది అక్కడ ఉండాలి. ఏమీ అక్కర్లేకపోతే "ఈరోజు మీ నుంచి ఏమీ అక్కర్లేదు సార్" అనే రాయండి. అది చదివి ఆయన ప్రశాంతంగా భోజనానికి కూర్చుంటారు.

మొత్తం కలిపితే ఆ మంగళవారం సందేశం ఇలా ఉంటుంది:

> సార్, ఉండి-3 ఏరేటర్ల కోసం రాత్రి 8 లోపు డీలర్‌కు మీ ఫోన్ కావాలి. వివరం కింద.
>
> జరిగినవి
> ఉండి-3: ఉదయం 5:30 డీఓ 3.2. అడ్డంకి చూడండి.
> కాళ్ల-2 (52వ రోజు): 4 చోట్ల 120 రొయ్యలు, సగటు 10 గ్రాములు, 100 కౌంటు. పోయిన మంగళవారం 8.6.
> ఆకివీడు-1 (38వ రోజు): మేత వేసిన 2 గంటలకు 4 ట్రేలలో 2టిలో మిగులు. పేగు నిండుగా ఉంది. పొర విడుస్తున్నాయేమోనని అనుమానం. మేత తగ్గించమని చెప్పాను, చూద్దామన్నారు.
> ఆకివీడు-1 నీళ్లు 11 గంటలకు ల్యాబ్‌లో ఇచ్చాను.
>
> జరగనిది
> పాలకోడేరు-4: ఉండిలో ఆలస్యమై వెళ్లలేదు. రేపు వెళతాను.
>
> అడ్డంకి
> ఉండి-3: 4 ఏరేటర్లలో 2 నిన్న సాయంత్రం నుంచి ఆగాయి. మోటార్లు గురువారం వస్తాయి. పక్క చెరువుల్లో ఖాళీవి లేవు. డీలర్ దగ్గర 2 ఉన్నాయి, మీరు చెబితే ఇస్తామన్నారు.
> కావలసింది: రాత్రి 8 లోపు డీలర్‌కు ఫోన్.
> కుదరకపోతే: ఈ రాత్రి మేత ఆపిస్తాను, గుళికలు సిద్ధంగా ఉన్నాయి.
>
> గమనించాలి
> కాళ్ల-2 మేత ఆదివారం రాత్రికి అయిపోతుంది. మిగతా 15 బస్తాలు శనివారానికి చేరాలి.
>
> రేపు
> 4:30 ఉండి-3, డీఓ
> 9:00 పాలకోడేరు-4, తూకం
> 2:00 ఆకివీడు-1, ట్రేలు
> 3:30 ల్యాబ్ ఫలితం, వెంటనే పంపుతాను

పంపాక ఒకసారి చదవండి. తప్పు కనిపిస్తే వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపు సందేశాన్ని నొక్కిపట్టి సవరించుకోవచ్చు. ఆ తర్వాత తెలిసిన తప్పును "సవరణ" అని మొదలుపెట్టి కొత్త సందేశంగా పంపండి. పాతదాన్ని తీసేయకండి. తీసేసిన గుర్తు అక్కడే కనిపిస్తూ ఉంటుంది, ఏం తీశారోనని అడుగుతారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వాయిస్ పంపడం. గట్టు మీద గాలి, పక్కన జనరేటర్ మోత. పైగా రెండు వారాల తర్వాత ఉండి-3 డీఓ ఎప్పుడు తగ్గిందో వెతకాలంటే వాయిస్‌లో వెతకలేం. రాత ఇబ్బందిగా ఉంటే ఫోన్‌లో మాట్లాడి రాయించుకునే సదుపాయం వాడండి, కానీ అంకెలను కళ్లతో సరిచూడండి. "యాభై రెండు", "యాభై ఒకటి" తారుమారైతే పట్టుకోవడం కష్టం.

ఫొటోలు వరుసగా పంపి ఊరుకోవడం. ట్రే ఫొటో మంచిదే. దాని కింద చెరువు గుర్తు, గంట లేకపోతే అది ఎవరి ట్రేనో నాకు తెలియదు, పది రోజులు పోయాక మీకూ తెలియదు.

"అన్నీ బాగానే ఉన్నాయి" అన్న వాక్యం. ఏం చూసి బాగున్నాయన్నారో రాయండి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. నిన్నటి సందేశాన్ని నకలు చేసి అంకెలు మార్చేవాళ్లు కూడా ఉన్నారు. ఒక అంకె మార్చడం మరిచిపోతారు, 52వ రోజు మర్నాడు కూడా 52వ రోజుగానే ఉంటుంది. ఒకసారి అలా దొరికిపోయాక మిగతా అంకెలను ఎవరు నమ్ముతారు?

సరిగా రాశారో లేదో చూసుకోవడం

మీ సందేశం పంపాక మేనేజర్ నుంచి వచ్చే ప్రశ్నలు లెక్కపెట్టండి. ఆయన "సరే, చెబుతాను" అన్నారంటే పని అయింది. "ఏ చెరువు?", "ఎప్పుడు?", "ఎవరితో మాట్లాడావు?" అని అడిగితే, ఆ సమాధానం రేపటి నుంచి సందేశంలోనే ఉండాలి. వారం పాటు ఆ ప్రశ్నలను మీ చిన్న పుస్తకం వెనుక పేజీలో రాసుకోండి. మా వాళ్లలో చాలామందికి అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరికి ఎప్పుడూ గంట మరుపు, ఇంకొకరికి ఎప్పుడూ "మీ నుంచి కావలసింది" మరుపు.

రెండో పరీక్ష ఇంకా కఠినమైనది. రేపు మీకు జ్వరం వచ్చిందనుకోండి. ఈ సందేశం ఒక్కటే పట్టుకుని పక్క ఏరియా టెక్నీషియన్ మీ చెరువుల మీద తిరగగలరా? మీకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా? ఎవరైనా స్నేహితుడికి చదివి వినిపించి చూడండి, ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారో అక్కడే లోపం.

మామూలుగా సాగని రోజులు

పట్టుబడి ఉన్న రోజు ఈ నమూనా పనికిరాదు. రాత్రంతా వలలు, ఐసు, లారీలు నడుస్తాయి, ఆరింటికి చెప్పడానికి ఏమీ ఉండదు. లారీ కదలగానే మూడు పంక్తులు చాలు: చెరువు, కౌంటు, మొత్తం కిలోలు. మిగతాది మధ్యాహ్నం నిద్ర లేచాక రాయండి.

ఏమీ జరగని రోజు కూడా సందేశం పంపండి. వాన పడి గట్లు తిరగలేకపోతే, ఎన్ని చెరువులకు ఫోన్ చేశారో, రైతులు ఏం చెప్పారో రాయండి. ఆ అంకెల పక్కన "రైతు చెప్పింది" అని ఉండాలి.

సిగ్నల్ అందని గట్టు మీద ఉన్నప్పుడు రాసి పంపేస్తే, అది ఫోన్‌లోనే ఉండిపోతుంది, మీరు మాత్రం పంపాననే అనుకుంటారు. ఊళ్లోకి వచ్చాక సందేశం కింద రెండు టిక్కులు వచ్చాయో లేదో చూసుకోండి. ఒకే టిక్కు ఉంటే మేనేజర్ ఫోన్‌కు అది ఇంకా చేరలేదని అర్థం. అప్పుడు అడ్డంకి ఒక్కటీ మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపండి.

రెండు టిక్కులూ ఉండి, ఎనిమిది దాటినా జవాబు లేకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయకండి. "కుదరకపోతే" అని మీరు రాసింది మొదలుపెట్టి, "8:15కు ఉండి-3లో మేత ఆపించాను" అని ఆ సందేశం కిందే ఒక పంక్తి రాసి, అలారం నాలుగింటికి పెట్టుకోండి.